సరసమూ, సంస్కారమూ

సరసం విరసం కోసమే అని మనవాళ్ళ సామెత. పెద్దలు దీన్ని హెచ్చరికగా వాడతారు. ఒకరు చొరవ చేసి, రెండోవారు అందుకోకపోతే చెడటం ఖాయమన్న ఊహ ఇందులో ఉన్నది. ఈ ఊహ నిజమా? నిజమే అయితే చదువుకున్న ఆడా మగా కలిసి పనిచెయ్యవలసిన కళాశాలలకూ, సంఘాలకూ పుట్టగతులుండవు. అబద్ధమైతే, తన సరసాన్ని అవతలివారు అందుకోనప్పుడు మనిషి దయగా, మర్యాదగా ఉండటమంటే సరిగ్గా ఏం చెయ్యటమో తేల్చుకోవాలి.

మన సాహిత్యంలో ఈ ప్రశ్నకు పెద్దన మనుచరిత్రను మించిన ఉదాహరణ లేదు. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని హిమాలయాలకు వెళ్ళాడు. మంచుకు లేపం కరిగిపోయింది. ఇల్లు చేరే దారి లేదు. అప్పుడు వరూధిని కనిపించింది. అతను ఆమెను దారి అడిగాడు. ఆమె సరసమాడింది. అంత పెద్ద కళ్ళున్నవాడివి దారి అడగటం ఒంటరి స్త్రీలతో మాట కలపటానికేనన్నది. అతను తన ఇంటిని గురించీ, ముసలి తలిదండ్రులను గురించీ, అగ్నిహోత్రాన్ని గురించీ చెప్పుకుని కాదన్నాడు. ఆమె ఆగలేదు. కౌగిలించుకోబోతే అతను తోసేశాడు. అప్పుడామె ఏడ్చి, భూతదయ లేనివాడికి యజ్ఞాలెందుకని నిందించింది.

ఈ ఘట్టంలోని రసపోషణను గురించి విమర్శకులు చాలా రాశారు. మనకు కావలసింది ఒక చిన్న విషయం. ప్రవరుడు అడిగినది దారి. కోరికకూ దానికీ సంబంధం లేదు. కాదన్న తరవాత కూడా అతను దారి తప్పినవాడే. ఆ దారి వరూధిని చూపలేదు. చివరికి అతను అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరవలసి వచ్చింది. వరూధిని బాధ నిజమైనది, దాన్ని ఎగతాళి చెయ్యనక్కరలేదు. కాని భూతదయ పేరు చెప్పినది ఎవరు? అవతలివాడి కాదనే హక్కునే నిర్దయగా చిత్రించి, దయకు ప్రతిఫలంగా శరీరాన్ని అడిగిన మనిషి. దయ చూపే అవకాశం నిజంగా ఉన్నది ఆమెకే. దారి చెబితే చాలు.

దీన్నిబట్టి మనకొక కొలత దొరుకుతుంది. సరసానికి ముందు, సరసంతో నిమిత్తం లేకుండా, మనం ఆ మనిషికి ఏం చేసేవాళ్ళమో, ఏం చెయ్యవలసి ఉన్నదో, అది నిరాకరణ తరవాతా జరగాలి. కేవలం మనసు గెలవటానికి చేసినదేదో అది ఆగిపోవాలి. ఈ రెంటినీ విడదియ్యటమే అసలు పని. మొదటిదాన్ని ఆపేస్తే పగ అవుతుంది. రెండోదాన్ని కొనసాగిస్తే వేధింపు అవుతుంది.

కథలో గంధర్వుడొకడున్నాడు. వాణ్ణి సాధారణంగా మనం లెక్కలోకి తీసుకోము. వాడు పూర్వం వరూధినిని కోరి కాదనిపించుకున్నవాడు. ఆమె విరహం చూసి, ప్రవరుడి రూపం ధరించి వచ్చాడు, ఆమెను పొందాడు, గుట్టు బయటపడకముందే వెళ్ళిపోయాడు. వాడిలో కోపం లేదు, దూషణ లేదు. పైకి చూస్తే ఎంతో ఓర్పుగలవాడు. కాని వాడి ఓర్పంతా కాదన్న మాటను దొడ్డిదారిన దాటటానికే. స్నేహితుడి వేషంలో, శ్రేయోభిలాషి వేషంలో కనిపెట్టుకుని ఉండేవాళ్ళంతా ఈ గంధర్వుడి సంతతివారే. మర్యాదను నటించటం వేరు, కాదన్నమాటను నమ్మటం వేరు.

ఇప్పుడు మన మధ్యకే వద్దాం. ఒక అధ్యయన బృందం ఉన్నదనుకోండి. అందులో ఒక యువకుడు తోటి విద్యార్థినికి తన నోట్సు ఇస్తుంటాడు. వ్యాసాలు దిద్దిపెడతాడు. సమావేశం అయ్యాక బస్సుస్టాపు దాకా వస్తాడు. ఒకనాడు నవ్వుతూ ఒక మాట విసిరాడు. ఆమె విననట్టు మాట మార్చింది. మర్నాడు స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. మూడోనాడు అతణ్ణి “అన్నా” అని పిలిచింది. తెలుగుదేశంలో ఈ పిలుపుకున్న అర్థం అందరికీ తెలిసిందే. ఎదుటివాణ్ణి నొప్పించకుండా కాదనటానికి మన ఆడపిల్లలు కనిపెట్టుకున్న సాధనం అది. సరసం సగం చెప్పి సగం దాచే మాట గనక, జవాబు కూడా సగం చెప్పి సగం దాచే హక్కు ఆమెకున్నది. “స్పష్టంగా చెప్పు, కారణం చెప్పు” అని నిలదియ్యటమంటే, తను ధైర్యం చాలక దాచుకున్నదాన్ని ఆమె చేత బయట పెట్టించటమే.

మరి అతను ఏం చెయ్యాలి? నోట్సు బృందంలో అందరికీ ఇస్తున్నదే అయితే ఆమెకూ అందాలి. వ్యాసం దిద్దమని ఆమె అడిగితే దిద్దాలి. తనంతట తాను అడిగి పుచ్చుకోకూడదు. బస్సుస్టాపు ప్రయాణం ఆగిపోవాలి, అది బృందం పనిలో భాగం కాదు. పలకరింపు ఇతరులతో ఎంతో ఆమెతోనూ అంతే. హాస్టలు గదిలో కథ చెప్పుకోకూడదు, రాయబారులను పంపకూడదు. బాధగా ఉంటే ఒకటి రెండు సమావేశాలు మానవచ్చు. కాని అతను ఎందుకు రావటంలేదో ఆమె నలుగురికీ సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి తేకూడదు. మొహం వేలాడేసుకుని ఎదురుగా కూచోవటం కూడా ఒక రకం ఒత్తిడే. తన ఔదార్యాన్ని ఆమె గుర్తించాలని ఆశించటం అంతకన్న సున్నితమైన ఒత్తిడి.

అభ్యుదయవాదులమైన మనకు మరొక ప్రమాదం ఉన్నది. భూస్వామి కొడుకు కాదనిపించుకుంటే కులాన్నీ, డబ్బునూ వాడతాడు. మనవాడు సిద్ధాంతాన్ని వాడతాడు. నిన్నటిదాకా చైతన్యవతి అయిన అమ్మాయి కాదన్న మర్నాడు మధ్యతరగతి పిరికిది అవుతుంది, పాత సంస్కారాలు వదలనిది అవుతుంది. ఆమె చర్చలో లేవనెత్తిన అంశాల్లో హఠాత్తుగా తప్పులు కనిపిస్తాయి. ఈ విమర్శ నిజమైనదో కాదో తెలుసుకోవటం కష్టం కాదు. అదే విమర్శ పోయిన నెలలో చేశావా అని అడిగితే చాలు. స్త్రీ స్వేచ్ఛ అంటే మనను వరించే స్వేచ్ఛ మాత్రమే అనుకునేవాడికి స్త్రీ ఇంకా ఆస్తిగానే కనబడుతున్నది. యజమాని మారాలని మాత్రం అతను కోరుతున్నాడు.

పైన చెప్పినదంతా సమానుల మధ్యనే చెల్లుతుంది. మార్కులు వేసే ఉపాధ్యాయుడూ, ఉద్యోగం ఇప్పించగల పెద్దమనిషీ తరవాత ఎంత మర్యాదగా ఉన్నా లాభం లేదు. విద్యార్థిని దారి అతని చేతిలో ఉన్నది గనక, అతని సరసంలోనే బెదిరింపు ఉన్నది. ఆమె నవ్వినా ఆ నవ్వుకు అర్థం తెలియదు. అక్కడ సంస్కారం సరసం తరవాత మొదలయ్యేది కాదు. అతను అసలు ఆ మాట అనకపోవటమే సంస్కారం. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పూ, 2013లో వచ్చిన చట్టమూ పనిచేసే చోట స్త్రీల మీద లైంగిక వేధింపును గుర్తించింది ఇందుకే.

సమానుల మధ్య కాదనిపించుకోవటం అవమానం కాదు. నొప్పి ఉంటుంది, కొన్నాళ్ళకు పోతుంది. ఈలోగా అవతలి మనిషి దారి అడిగితే చెప్పాలి, చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఆమె ఆ దారిన నిర్భయంగా వెళ్ళగలిగితే, రేపు సమావేశానికి ఒంటరిగా రాగలిగితే, అతని మర్యాద నిజమైనదన్నమాట.